నాగరత్నం మూట
(ఐదు ఎపిసోడ్ల ఆడియో కథ)

ఎపిసోడ్ 1: ఆత్మకూరు బస్సు

(బస్సు హారన్. శివస్వాముల భజన.)

కథకురాలు: చీరాల దగ్గర చేనేత ఊరు. నాగరత్నానికి 57 ఏళ్లు. భర్త సంవత్సరీకం ముగిసి పన్నెండు రోజులైంది. శివరాత్రికి నల్లమల దారిలో శ్రీశైలం నడిచిపోతానంటే కొడుకు శ్రీను ఒప్పుకోలేదు. "ఆ మోకాళ్లతోనా? బస్సులో తీసుకెళ్తానుగా" అన్నాడు. తెల్లవారుజామున వీధిలోని శివస్వాములతో బయల్దేరింది. నంద్యాలలో రైలు దిగి, ఆత్మకూరు బస్సెక్కింది. ఒళ్లో తెల్లగుడ్డ మూట.

(ఫోన్ మోగుతుంది.)

శ్రీను: అమ్మా, ఎక్కడున్నావ్?

నాగరత్నం: పిన్ని ఇంట్లోరా.

శ్రీను: పిన్ని మన ఇంట్లోనే ఉందమ్మా. మగ్గం మీద చీరేదీ?

(ఫోన్ కట్.)

ఎపిసోడ్ 2: నాగలూటి

(ఎండుటాకుల మీద అడుగులు.)

కథకురాలు: వెంకటాపురం దాటితే అడవే. పులులున్న అడవి. అందుకే గుంపు విడిచి ఎవరూ నడవరు. దారిలో దాతలు పెట్టిన మంచినీళ్లు తాగుతూ నాగలూటి వీరభద్రస్వామి గుడికి చేరారు. సిగ్నల్ ఎప్పుడో పోయింది. రాత్రి అందరూ సంచులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. నాగరత్నం మాత్రం సంచి తలకింద పెట్టి, మూటను గుండెకు హత్తుకుంది.

పక్కింటి వదిన: అంత జాగ్రత్తేంటి రత్నం? బంగారమా?

నాగరత్నం: అమ్మవారికి చీర వదినా.

(నిశ్శబ్దం. ఇక్కడ సంగీతం వేయొద్దు.)

వదిన: నువ్వా? ఆయన పోయాక... నీ చేత్తో చీరా?

ఎపిసోడ్ 3: పెచ్చెర్వు

కథకురాలు: మర్నాడు నాగరత్నం ఎవరితోనూ మాట్లాడలేదు. భర్తను పోగొట్టుకున్న ఆడదాన్ని శుభకార్యంలో వెనక్కి నెట్టే మాట మన ఇళ్లలో ఇంత తేలిగ్గా వస్తుంది. అది తప్పు. పెచ్చెర్వులో అరికాళ్ల బొబ్బలకు కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది. మూటను వదినకిచ్చి వెనక్కి పోదామనుకుంది. అక్కడి చెంచు ముసలమ్మ నీళ్లిచ్చింది.

ముసలమ్మ: ఏం తల్లీ, మూటిప్పి సూత్తా ఏడుత్తన్నావు?

నాగరత్నం: ఇది నేనివ్వొచ్చో లేదోనని అవ్వా.

ముసలమ్మ: మల్లన్న మా చెంచోళ్ల అల్లుడు. అల్లుడింటికి చీర తెచ్చినోళ్లని గడపలో నిలబెట్టి నీ మొగుడేడని అడుగుతామా? నడువు.

(నాగరత్నం లేస్తుంది. రెండడుగులు. మోకాలు పట్టేసిన మూలుగు.)

ముసలమ్మ: ఇదే నడక అనుకోమాక. భీముని కొలను ముందుంది!

ఎపిసోడ్ 4: భీముని కొలను

కథకురాలు: ఈ దారిలో అసలు పరీక్ష ఇదే. లోతైన లోయలోకి దిగాలి, మళ్లీ అంతా ఎక్కాలి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. నాగరత్నం రాతిమెట్టు మీద రెండు చేతులూ ఆనించి, మూట మెడకు కట్టుకుని, ఒక్కో మెట్టుకూ "మల్లన్నా" అంటూ ఎక్కింది.

(ఆయాసం. కాలు జారిన చప్పుడు. ఒక చెయ్యి పట్టుకుంటుంది.)

వదిన: పట్టుకో రత్నం. నోరు జారాను, మనసులో పెట్టుకోకు.

కథకురాలు: ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని కైలాస ద్వారం చేరారు.

(పైనుంచి కేక.)

శ్రీను: అమ్మా!

ఎపిసోడ్ 5: పాగా

(ఆలయం. జనసముద్రం.)

కథకురాలు: బస్సులో వచ్చి పొద్దుట్నుంచీ ద్వారం దగ్గరే నిలబడ్డాడట. కోపంగా మొదలుపెట్టి, ఆమె పాదాలు చూసి ఆగిపోయాడు. రాత్రి గుడి ముందు కూర్చున్నాక నాగరత్నం మూట విప్పింది.

నాగరత్నం: మీ నాన్న పోయిన రోజు మగ్గం మీదున్న పడుగురా ఇది. ముప్పై ఐదేళ్లు కండెలు చుట్టానేగానీ మగ్గం గుంటలో ఎప్పుడూ కూర్చోలేదు. మిగతాది నేనే నేశాను. నాన్న ఎక్కడిదాకా నేశాడో చెప్పు.

కథకురాలు: శ్రీను కళ్లు మూసుకుని చీర మీద వేలు జరిపాడు. నాన్న పన్నె దెబ్బ గట్టిది, పేక బిగువుగా పడుతుంది. కొంగు నుంచి జానెడు, మూరెడు... ఒకచోట వేలు ఆగింది. అక్కణ్నుంచి నేత కాస్త వదులు.

శ్రీను: ఇక్కడ.

(గుడి దీపాలన్నీ ఆర్పేస్తారు. పాగాలంకరణ మొదలు. ఏడాదంతా రోజుకో మూర చొప్పున నేసిన పాగాను శిఖరం నుంచి నవనందులకు చుడుతున్నారు. చీకట్లో వేల గొంతుల "ఓం నమశ్శివాయ".)

శ్రీను: తెల్లారి అమ్మవారికి నువ్వే ఇవ్వమ్మా.

నాగరత్నం: ఇస్తాను. మరి ఇంటికి మాత్రం బస్సులోనేరా. మోకాలు చాలా నొప్పిగా ఉంది.