ఐదో తరగతి శనివారం ఉక్తలేఖనం: 20 పదాలు, వాటి వరుస

మేడం,
శనివారం నేను శిక్షణకు వెళ్తున్నాను కాబట్టి ఉక్తలేఖనం మీరే పెట్టాలి. పదాలను ఇదే వరుసలో చదవండి. పదం పొడవును బట్టి కాక, చెవి ఎంతవరకు సాయపడుతుందో చూసి పేర్చాను.

1–4: పలక, చీమ, నెల, నేల
విన్నది విన్నట్టు రాస్తే చాలు. హ్రస్వమా, దీర్ఘమా అన్నదే పరీక్ష. నెల, నేల పక్కపక్కనే ఉన్నాయి, తొందరపడకుండా చదవండి.

5–8: బొగ్గు, మజ్జిగ, అన్నం, అమ్మమ్మ
అన్నీ ద్విత్వాలే. గ, జ ఒత్తులు చూడటానికి అక్షరాల్లాగే ఉంటాయి కనుక ముందు పెట్టాను. న, మ ఒత్తుల రూపం వేరు, అందుకే అవి తర్వాత.

9–13: ఆకాశం, తాళం, కోణం, బాణం, నీళ్లు
శ–స, ళ–ల, ణ–న తేడాలు. ఇళ్లలో ఈ తేడా అంతగా వినిపించదు, అందువల్ల మీరు పలికే తీరే పిల్లలకు ఆధారం. ‘నీళ్ళు’ అని రాసినా సరే, మార్కు తీయవద్దు.

14–17: మేఘం, భాగం, పాఠం, బాధ
మన తరగతి అసలు తడబడేది ఇక్కడే. మామూలు మాటల్లో మహాప్రాణాలను ఎవరూ గట్టిగా పలకరు, కాబట్టి చెవిని నమ్ముకున్నవారు ‘మేగం’, ‘పాటం’ అని రాస్తారు. ‘బాధ’ను చివర పెట్టడానికి కారణం వేరు. అందులో ఎక్కడో ఒత్తు ఉందని పిల్లలకు తెలుసు, ఎక్కడో తెలియదు. అందుకే ‘భాద’ అవుతుంది. దుకాణాల బోర్డుల మీద కూడా ఇలాంటివి చూస్తూనే ఉన్నాం, పిల్లలను ఏమనగలం? అలా రాసినవారి పేర్లు విడిగా రాసిపెట్టండి, సోమవారం నేను చూసుకుంటాను.

18–20: రాష్ట్రం, విద్యార్థి, ఉచ్చారణ
‘రాష్ట్రం’లో ష, ట, ర మూడూ ఒకదాని కింద ఒకటి చేరి భయపెడతాయి కానీ మూడూ వినిపిస్తాయి. అందుకే ఈ మూడింట్లో అదే తేలిక. ‘విద్యార్థి’లో మహాప్రాణం థ మాత్రమే, ద కాదు. ‘విద్య’ ఎలా రాస్తారో గుర్తు చేసుకున్నవారు ‘విధ్యార్థి’ అని రాయరు. ‘ఉచ్చారణ’లో చ కింద చ ఒత్తే. కష్టమైన మాట కదా, ఎక్కడో మహాప్రాణం ఉండే ఉంటుందని పెద్దలు కూడా ‘ఉచ్ఛారణ’ చేస్తారు. పైగా చివర ణ ఉంది.

‘దుఃఖం’ కావాలనే వదిలేశాను. విసర్గ వచ్చే వారం చెబుతాను.

ఒక్కో పదం రెండుసార్లు చదవండి, మధ్యలో చిన్న వాక్యంలో వాడి చూపండి. ‘బాధ’ దగ్గర మాత్రం ధను మరీ ఒత్తి పలకవద్దు, సహజంగా చదవండి. పదానికి ఒక మార్కు. దిద్దిన పుస్తకాలు నా బల్ల మీద ఉంచండి.