భౌతికశాస్త్రం జవాబు పత్రం నకలు, పునర్మూల్యాంకనం కోరుతూ దరఖాస్తు

కొత్తూరు,
28 ఏప్రిల్ 2025.

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
ఇంటర్మీడియట్ పరీక్షల బోర్డు ప్రధాన కార్యాలయం.

(కళాశాల ప్రిన్సిపాల్ గారి ద్వారా)

విషయం: మార్చి 2025 ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సరం పబ్లిక్ పరీక్షలు – భౌతికశాస్త్రం పేపరు – మూల్యాంకనం చేసిన జవాబు పత్రం స్కాన్ నకలు ఇప్పించడం, మార్కుల తిరిగి లెక్కింపు, మూల్యాంకనం కాని జవాబులను మూల్యాంకనం చేయించడం గురించి.

సూచిక: 1. హాల్ టికెట్ నంబరు 2519604873, ఎంపీసీ గ్రూపు, తెలుగు మాధ్యమం. 2. రీవెరిఫికేషన్ కోసం ఆన్‌లైన్‌లో సమర్పించిన దరఖాస్తు, రుసుము చెల్లించిన రసీదు.

ఆర్యా,

నేను కొత్తూరు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ ద్వితీయ సంవత్సరం చదివి, గత మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాశాను. ఈ నెలలో వెలువడిన ఫలితాల్లో నేను అన్ని సబ్జెక్టుల్లోనూ ఉత్తీర్ణురాలినయ్యాను. అయితే భౌతికశాస్త్రంలో 60 మార్కులకు 33 మాత్రమే వచ్చినట్లు మార్కుల మెమోలో ఉంది. పాసయిన విద్యార్థిని దరఖాస్తు పెట్టడం కొంత వింతగా తోచవచ్చునని నాకు తెలుసు. కానీ ఆ 33 ఎలా వచ్చిందో ఆలోచించినకొద్దీ, నా జవాబు పత్రంలో ఒక భాగం పరిశీలకుల దృష్టికి రాలేదనే అనుమానం బలపడింది. ఆ అనుమానానికి కారణాన్ని, అందులో నా పొరపాటు ఎంతవరకు ఉందో ఆ సంగతిని కూడా దాచకుండా, కింద వివరంగా మనవి చేసుకుంటున్నాను.

ప్రశ్నపత్రంలో సెక్షన్ ఏలో పది అతి స్వల్ప సమాధాన ప్రశ్నలకు 20 మార్కులు, సెక్షన్ బిలో ఎనిమిదింటిలో ఆరు స్వల్ప సమాధాన ప్రశ్నలకు 24 మార్కులు, సెక్షన్ సిలో మూడింటిలో రెండు దీర్ఘ సమాధాన ప్రశ్నలకు 16 మార్కులు ఉంటాయన్నది తమకు తెలిసినదే. నేను వీటిని వరుసలో రాయలేదు. దీర్ఘ సమాధానాలు చివరికి మిగిలితే సమయం చాలదని, సెక్షన్ ఏ పూర్తి కాగానే సెక్షన్ సి రాసి, ఆ తరువాత సెక్షన్ బి మొదలుపెట్టడం కళాశాలలో రాసిన పరీక్షల నుంచీ నాకు అలవాటు. ఆ ప్రకారమే 24 పుటల జవాబు పుస్తకంలో 1 నుంచి 6వ పుట వరకు సెక్షన్ ఏ, 7 నుంచి 15వ పుట వరకు సెక్షన్ సిలోని రెండు ప్రశ్నలు రాశాను. వాటిలో మొదటిది మూసిన గొట్టంలోని గాలి స్తంభంలో ఏర్పడే స్థిర తరంగాల గురించి, రెండవది కిర్కాఫ్ నియమాలు, వీట్‌స్టోన్ బ్రిడ్జి గురించి. బ్రిడ్జి సంతులన నిబంధన రాబట్టడం పూర్తయ్యేసరికి 15వ పుట చివరి గీతకు వచ్చాను.

పొరపాటు అక్కడే జరిగింది. తొందరలో పుట తిప్పినప్పుడు రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని కలిసి తిరిగాయి. 15వ పుట కుడివైపు ఉంటుంది కనుక, రెండు కాగితాలు కలిసి తిరిగితే ఎదురుగా వచ్చేది 18వ పుట. ఆ సంగతి గమనించకుండా, 18వ పుట పైభాగాన “సెక్షన్ – బి” అని రాసి, కింద గీత గీసి, అక్కడి నుంచి 24వ పుట చివరి వరకు ఆరు స్వల్ప సమాధాన ప్రశ్నలూ రాశాను. డాప్లర్ ప్రభావం, కూలుంబ్ నియమం, సమాంతర పలకల కెపాసిటర్, అర్ధతరంగ ఏకధిక్కరణి మొదలైనవి వాటిలో ఉన్నాయి. చోటు చాలదేమోనన్న భయంతో చివరి రెండు జవాబులు సన్నటి అక్షరాలతో రాశాను. ఏకధిక్కరణి వలయాన్ని, దాని ఇన్‌పుట్, అవుట్‌పుట్ తరంగ రూపాలను పెన్సిల్‌తో గీసి భాగాల పేర్లు గుర్తించాను. స్కాన్ చేసిన నకలులో ఆ పటం 23వ పుటలో తప్పక కనిపించాలి.

పరీక్ష ముగియడానికి పది నిమిషాల ముందు, రాసినవన్నీ ఒకసారి సరిచూసుకుంటూ వెనక్కి తిప్పినప్పుడు 16, 17 పుటలు ఖాళీగా కనిపించాయి. ఖాళీ పుటలను కొట్టివేయాలని అధ్యాపకులు ఎప్పుడూ చెప్పే మాట గుర్తుకు వచ్చి, ఆ రెండు పుటలపైనా మూలగా గీత గీశాను. “18వ పుటలో కొనసాగింపు” అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈ దరఖాస్తు అవసరమే వచ్చేది కాదు. ఆ క్షణంలో అది నాకు తట్టలేదు. జవాబులు ముగిసిన తరువాత మిగిలిన ఖాళీ పుటలను విద్యార్థులందరూ సరిగ్గా ఇలాగే కొట్టివేస్తారు కాబట్టి, స్పాట్ వాల్యుయేషన్‌లో వందల కొద్దీ పత్రాలు చూసే పరిశీలకులు ఆ గీతను చూసి నా జవాబులు అక్కడితో ముగిశాయని భావించి ఉండవచ్చు. అలా భావించడంలో వారి తప్పు ఉందని నేను అనడం లేదు.

ఇది కేవలం ఊహ కాదనడానికి మార్కులే సాక్ష్యమని నాకు అనిపిస్తోంది. సెక్షన్ ఏ, సెక్షన్ సి రెండింటికీ కలిపి గరిష్ఠంగా వచ్చేవి 36 మార్కులు. నాకు వచ్చినవి 33. ఫలితాలు వచ్చిన మర్నాడు మా భౌతికశాస్త్ర అధ్యాపకులు ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, నేను రాసిన జవాబులను నోటితో చెప్పించుకుని, పక్కన పెన్సిల్‌తో మార్కులు వేసి చూశారు. ఆ రెండు సెక్షన్లకు ఆయన వేసిన మొత్తం కూడా 32, 33 దగ్గరే ఆగింది. ఆరు స్వల్ప సమాధానాలకు ఆయన లెక్కలో మరో 20 మార్కులకు తక్కువ రాలేదు. ప్రథమ సంవత్సరం భౌతికశాస్త్రంలో నాకు 60కి 56, ఈ ఏడాది ప్రాక్టికల్స్‌లో 30కి 30, రసాయనశాస్త్రంలో 60కి 55, గణితం 2ఏలో 75కి 72, 2బిలో 73 వచ్చాయి. ఒక సబ్జెక్టులో మార్కులు బాగా వచ్చినంత మాత్రాన మరో సబ్జెక్టులోనూ రావాలన్న నియమం లేదు. కనుక ఈ అంకెలను హక్కుగా చూపడం లేదు. అయితే పదహారు మార్కుల దీర్ఘ సమాధానాలు రాయగలిగిన విద్యార్థిని, 24 మార్కుల సెక్షన్‌లో ఒక్క ప్రశ్న కూడా ముట్టుకోకుండా లేచి వచ్చిందా అన్న ప్రశ్నను మాత్రం తమ పరిశీలనకు వదులుతున్నాను.

ఈ కారణాల వల్ల, మొదటగా నా భౌతికశాస్త్రం జవాబు పత్రం 24 పుటలూ, ఖాళీగా కొట్టివేసిన 16, 17 పుటలతో సహా, స్కాన్ నకలుగా ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. దానితోపాటు, ప్రశ్నలవారీగా మార్కులు నమోదు చేసిన ఓఎంఆర్ భాగం ప్రతి కూడా ఇప్పించాలి. అది లేకపోతే ఏ ప్రశ్నకు ఎన్ని వేశారో, ఏది వేయకుండా వదిలారో తెలుసుకునే దారి ఉండదు. పరిశీలకుల పేర్లు, సంతకాలు, కోడ్ నంబర్లు నాకు అవసరం లేదు. వాటిని కప్పివేసి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

రెండవది, 18 నుంచి 24వ పుట వరకు ఉన్న ఆరు జవాబులకు మూల్యాంకనం జరగలేదని తేలితే, తెలుగు మాధ్యమం పత్రాలు దిద్దే సబ్జెక్టు నిపుణులతో, ఈ పరీక్షకు బోర్డు ఆమోదించిన స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ ప్రకారం వాటికి మార్కులు వేయించి, మొత్తం తిరిగి లెక్కించి, సవరించిన మెమో జారీ చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఒకవేళ ఆ జవాబులకు మార్కులు వేసి ఉండి, అవి పోను మిగిలిన సెక్షన్లలోనే మార్కులు తగ్గాయని తేలితే, మొదట దిద్దినవారు కాక మరొక నిపుణులతో పత్రం మొత్తాన్ని పునర్మూల్యాంకనం చేయించడానికి నిబంధనలు అనుమతించే మేరకు అవకాశం ఇవ్వగలరు. అలా చేసినప్పుడు ఇప్పుడున్న మార్కులు తగ్గినా అంగీకరిస్తానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

జవాబు పత్రం నకలు పొందే విషయంలో, మూల్యాంకనం చేసిన జవాబు పత్రం సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం సమాచారమేనని, దానిని చూసుకునే, ప్రతి పొందే హక్కు పరీక్ష రాసినవారికి ఉందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో తీర్పు ఇచ్చింది. పునర్మూల్యాంకనం మాత్రం పరీక్షా సంస్థ నిబంధనల్లో ఉంటేనే కోరవచ్చునని కూడా నాకు తెలుసు. అందువల్లనే బోర్డు స్వయంగా కల్పించిన రీవెరిఫికేషన్ విధానం కింద, గడువులోపల, నిర్ణీత రుసుము చెల్లించి ఈ దరఖాస్తు చేస్తున్నాను తప్ప, దానిని దాటిన కోరికేదీ కోరడం లేదు. సమాచార హక్కు చట్టం కింద విడిగా దరఖాస్తు ఇంకా చేయలేదు. ఆ అవసరం రాదనే నమ్ముతున్నాను. ఈ విషయం తేలేవరకు, భద్రపరిచే గడువు ముగిసినా నా జవాబు పత్రాన్ని తొలగించకుండా ఉంచవలసిందిగా సంబంధిత విభాగానికి ఆదేశాలు ఇవ్వగలరు.

త్వరగా పరిష్కరించమని కోరడానికి ఒక కారణం ఉంది. కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు, పన్నెండవ తరగతిలో ఆయా బోర్డులో తమ గ్రూపులో ఉత్తీర్ణులైనవారిలో 80వ పర్సెంటైల్‌కు పైన ఉన్నవారే అర్హులు. మొత్తం మార్కుల్లో ఇరవై తగ్గితే ఆ గీతకు ఏ వైపున ఉంటానో చెప్పలేను. మా కుటుంబ ఆదాయంతో ఇంజినీరింగ్ చదవడానికి ఆ స్కాలర్‌షిప్ మాకు చిన్న ఆసరా కాదు. సవరించిన మెమో దరఖాస్తుల సమయానికి చేతికి వస్తేనే అది ఉపయోగపడుతుంది.

నా వయస్సు 17 సంవత్సరాలు కావడం వల్ల మా నాన్నగారు కూడా ఈ దరఖాస్తుపై సంతకం చేశారు. నా చిరునామా, మొబైల్ నంబరు, ఈమెయిల్ ఆన్‌లైన్ దరఖాస్తులో ఇచ్చినవే. స్కాన్ నకలును ఆ ఈమెయిల్‌కు పంపినా, కళాశాల లాగిన్‌లో ఉంచినా సరిపోతుంది. ప్రధాన కార్యాలయానికి స్వయంగా వచ్చి పత్రాన్ని పరిశీలించమని తమరు ఆదేశిస్తే, తెలిపిన తేదీన మా నాన్నగారితో కలిసి హాజరు కాగలను.

ఇట్లు,
తమ విధేయురాలు,
బండి శిరీష
(సంతకం)

తండ్రి సంతకం: బండి సత్యనారాయణ

జతపరచినవి: హాల్ టికెట్ ప్రతి, ద్వితీయ సంవత్సరం మార్కుల మెమో ప్రతి, ప్రథమ సంవత్సరం మార్కుల మెమో ప్రతి, రీవెరిఫికేషన్ దరఖాస్తు, రుసుము రసీదు ప్రతులు, భౌతికశాస్త్రం ప్రశ్నపత్రం ప్రతి (నేను రాసిన ప్రశ్నలకు పెన్సిల్‌తో టిక్కు పెట్టినది).

ప్రిన్సిపాల్ గారి సిఫారసు: పై విద్యార్థిని మా కళాశాలలో క్రమం తప్పకుండా చదివినది. దరఖాస్తులో తెలిపిన ప్రథమ, ద్వితీయ సంవత్సరాల మార్కులు మా రికార్డులతో సరిపోయాయి. తగు చర్య నిమిత్తం పంపడమైనది.