నానమ్మ చేతులు: కంపెనీ కథ, మూడు నిమిషాల వీడియో స్క్రిప్ట్

బాబాయి గారూ, మన జీడిపప్పు కంపెనీ వార్షికోత్సవంలో మీరు నలభై నిమిషాలు మాట్లాడారు. టర్నోవరు, బ్యాంకు లోను, ధన్యవాదాల జాబితా తీసేశాను, నొచ్చుకోకండి. బాయిలరు ధర తీసేసి, ఎందుకు కొన్నారో ఉంచాను. చివర్లో నానమ్మ చేతుల గురించి ఒక్క మాట అని దాటేశారు. నాకు మాత్రం కళ్లు తడిసింది అక్కడే. అందుకే అక్కడి నుంచి మొదలుపెట్టాను. గొంతు మీదే. కాగితం చూసి చదవకండి, నాతో మాట్లాడినట్టు చెప్పండి.

దృశ్యం 1. చీకటి. పిక్క పగిలే చప్పుడు. మీ పెళ్లి ఫోటో. కెమెరా మెల్లగా నానమ్మ దగ్గరికి వెళ్తుంది.

గొంతు: ఇది నా పెళ్లి ఫోటో. మా అమ్మ చేతులు కనిపించవు, పమిట కింద దాచుకుంది. పర్లాకిమిడిలో ఇంటింటికీ తిరిగి జీడిపిక్కలు కొట్టేది. పెంకులోని జీడి రసం అంటి వేళ్లు నల్లబడి, చర్మం ఊడిపోయేది. బూడిద రాసుకుని మళ్లీ కూర్చునేది.

దృశ్యం 2. పెరడు, పాత కాల్పు డ్రమ్ము. తర్వాత ఆవిరి బాయిలరు.

గొంతు: నేనూ పిక్కలు కాల్చే ఒక డ్రమ్ముతోనే మొదలుపెట్టాను. ఆ పొగలో మా దగ్గర పనిచేసే ఆడవాళ్ల దగ్గు వింటే అమ్మే గుర్తొచ్చేది. చేతిలో డబ్బు ఆడగానే బాయిలరు కొన్నాను. ఆవిరి మీద ఉడికిస్తే పొగ ఉండదు. జీడి రసం మాత్రం పెంకులోనే ఉంటుంది, అందుకే గ్లౌజులు.

దృశ్యం 3. సంగీతం వద్దు. గాలి హోరు. మీ ఫోనులో ఉన్న ఫోటోలే: ఎగిరిపోయిన రేకులు, వేళ్లతో లేచిన జీడి చెట్లు.

గొంతు: 2018 అక్టోబరు 11. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి షెడ్డుకి కప్పు లేదు. బస్తాలన్నీ తడిసిపోయాయి. మాకు పిక్కలు అమ్మే రైతుల తోటలు నేలమట్టం. తాళం వేసేద్దామనుకున్నాను. గేటు దగ్గర కూలబడ్డాను.

(ఇక్కడ కాసేపు ఆగండి.)

గొంతు: రోడ్లన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. అయినా వాళ్లు నడిచొచ్చారు. తమ ఇళ్ల కప్పులు కూడా ఎగిరిపోయిన ఆడవాళ్లు. తెలుగు, ఒడియా, సవర అన్నీ కలిపి మాట్లాడుకుంటూ బస్తాలు విప్పి, ఎండ తగిలిన చోటల్లా పిక్కలు పరిచారు. ఒక పెద్దామె నా వైపు చూసి, "బూజు పట్టేస్తాయి బాబూ, లేవండి" అంది. లేచాను.

(ఉపన్యాసంలో దీన్ని "సిబ్బంది సహకారం" అన్నారు. ఆమె మాటే ఉంచుదాం.)

దృశ్యం 4. చిన్న జీడి మొక్కలు, పూత, మార్చి ఎండలో ఎర్రటి పండ్లు.

గొంతు: రైతులు అంటు మొక్కలు నాటారు. కాపుకి మూడు నాలుగేళ్లు పట్టింది. అప్పటిదాకా దూరం నుంచి పిక్కలు తెచ్చి ఆడించాం. లాభం రాలేదు. ఒక్కరినీ పనిలోంచి తీయలేదు.

దృశ్యం 5. పని అయిపోయిన వేళ. ఆడవాళ్లు గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, బల్ల మీద పెడతారు. గోరింటాకు ఎర్రగా పండి ఉంటుంది. గొంతు లేదు, నీళ్ల చప్పుడు మాత్రమే.

మళ్లీ పెళ్లి ఫోటో, నానమ్మ పమిట. దాని మీద మన గేటు బోర్డు, ఒడియాలో, తెలుగులో.