పూర్తి మత్తు ఇచ్చే ఆపరేషన్‌కు ముందు: రోగికీ, తోడు వచ్చేవారికీ

రాయగడలోని మా ఆసుపత్రికి గుణుపురం, బిస్సంకటక్, మునిగుడ, ఇటు పార్వతీపురం వైపు నుంచి ఆపరేషన్‌కు వచ్చే తెలుగువారి కోసం ఈ కాగితం. సంతకం పెట్టే సమ్మతి పత్రం ఒడియాలో ఉంటుంది. చదవడం రాకపోతే తెలుగులో చదివి వినిపించమని అడగండి, వినిపిస్తాం. అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు.

పూర్తి మత్తు అంటే నడుముకి సూది వేసి కాళ్ళు మొద్దుబారేలా చేసేది కాదు. చేతి నరంలోకి మందు వెళ్ళిన అర నిమిషంలో మీకు తెలివి ఉండదు. ఆ తర్వాత మత్తు డాక్టరు మీ తలదగ్గరే ఉండి ఊపిరి, గుండె, బీపీ చూసుకుంటూ ఉంటారు. మందు ఒక్కసారి ఇచ్చి వదిలేసేది కాదు, ఆపరేషన్ అయ్యేదాకా కొద్దికొద్దిగా ఇస్తూనే ఉంటారు.

కడుపు ఖాళీగా ఎందుకు

మామూలుగా తిన్నది పైకి వస్తే దగ్గు వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా అడ్డుకుంటుంది. మత్తులో ఆ దగ్గు రాదు. కడుపులో ఉన్న అన్నమో పాలో పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. కడుపు మాడ్చమనడానికి కారణం ఇదొక్కటే. ఆపరేషన్ గదిలో పని సులువు కావాలని కాదు.

మా ఆపరేషన్లు మంగళ, శుక్రవారాల్లో పొద్దున్న 8 గంటలకు మొదలవుతాయి. ముందురోజు రాత్రి 10 గంటలలోపు భోజనం ముగించండి. తేలిక తిండికి 6 గంటలు, మాంసం, నూనె వంటకాలకు 8 గంటలు ఎడం ఉండాలి. అందుకని ఆ రాత్రి కోడికూర వద్దు, పప్పన్నమో ఇడ్లీయో చాలు. ఆ తర్వాత నమిలేది ఏదీ వద్దు: మూడీలు, బిస్కెట్లు, అరటిపండు, గుడి ప్రసాదం, అన్నీ అందులోకే వస్తాయి.

పొద్దున్న 6 గంటల వరకు మంచినీళ్ళు తాగవచ్చు. ఒక గ్లాసు తాగితే మంచిదే, నోరు ఎండదు, తలనొప్పి రాదు. "నీళ్ళు కూడా ముట్టొద్దన్నారట" అని రాత్రంతా దాహంతో పడుకుని వచ్చేవారు చాలామంది. ఆ అవసరం లేదు. పాలు కలపని టీ, చక్కెర నీళ్ళు, కొబ్బరి నీళ్ళు కూడా మంచినీళ్ళ కిందికే వస్తాయి. మనవాళ్ళకి ఎక్కువగా తిరకాసు వచ్చేది వేరేచోట: పాలు పోసిన టీ, మజ్జిగ, గంజి, తరవాణి, చోడి అంబలి. పలచగా, తాగేలా ఉన్నా ఇవి తిండితో సమానం. 6 గంటల ఎడం కావాలి. "కొంచెం అంబలే కదా" అని తెల్లవారుజామున తాగించిన అమ్మమ్మలు ఉన్నారు. ప్రేమతోనే చేస్తారు, ఆపరేషన్ మాత్రం వెనక్కి జరుగుతుంది.

మీ వరస ఆలస్యమైతే ఇంకోసారి నీళ్ళు ఎప్పుడు తాగవచ్చో సిస్టర్ చెబుతారు. అడగకుండా తాగొద్దు.

పిల్లల్ని వీలైనంతవరకు మొదటి వరసలోనే తీసుకుంటాం. తల్లిపాలు 4 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. ఆవు పాలు, డబ్బా పాలు 6 గంటల ముందే ఆపాలి. నీళ్ళు 2 గంటల ముందు వరకు సరే. పిల్ల ఏడుస్తోందని వార్డులో పక్క మంచం వాళ్ళు బిస్కెట్ ఇస్తారు, అది గమనించుకోండి.

పొరపాటున ఏదైనా తిన్నా తాగినా దాచొద్దు. తిట్టం. ఆపరేషన్ నాలుగు గంటలు ఆలస్యంగానో మరో రోజో జరుగుతుంది, అంతే. దాచి బల్ల ఎక్కితే ఆ ప్రమాదం ఎవరి చేతిలోనూ ఉండదు.

పొగాకు, మద్యం

పొగాకు ఇప్పుడే మానేయండి. నాలుగు వారాలు మానితే ఊపిరితిత్తులకి నిజమైన లాభం, ఒక్కరోజు మానినా రక్తంలో ఆక్సిజన్ మెరుగవుతుంది. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, పళ్ళకి రుద్దే గుడాఖు, అన్నీ లెక్కలోకే వస్తాయి. అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఆ మాట మత్తు డాక్టరుకి విడిగా చెప్పాలి. వాళ్ళ నోటి పైకప్పు, గొంతు ముందే చూసుకుంటాం. ఆపరేషన్ పొద్దున్న పళ్ళు తోముకుని పుక్కిలించండి, ఆ నీళ్ళు మింగొద్దు.

జీలుగు కల్లు, సారా, బ్రాందీ, కనీసం ముందురోజు నుంచీ వద్దు. రోజూ తాగే అలవాటున్నవారు హఠాత్తుగా ఆపితే వణుకు, కలవరింత వస్తాయి. అందుకని ఎంత తాగుతారో నిజం చెప్పండి. పక్కన బంధువులుంటే మాట్లాడలేకపోతే వాళ్ళని బయటకి పంపమని అడగండి.

మందులు: ఏవి ఆపాలి, ఏవి ఆపకూడదు

వాడుతున్న మందులన్నీ, చీటీలతో సహా ఒక సంచిలో వేసుకుని రండి. "తెల్ల బిళ్ళ, పొద్దున్న ఒకటి" అంటే మాకు తెలియదు.

ఆపకూడనివి ముందు. గుండెకి వేసుకునే మెటోప్రొలాల్, అటెనొలాల్, బీపీకి ఆమ్లోడిపిన్, థైరాయిడ్ బిళ్ళ, మూర్ఛ మందు, టీబీ మందు, ఇవన్నీ ఆపరేషన్ రోజు పొద్దున్న కూడా ఒక గుక్క నీళ్ళతో వేసుకోవాలి. ఆస్తమా పంపు పీల్చుకుని, ఆ పంపుని చేత్తో పట్టుకుని రండి. స్టెరాయిడ్ బిళ్ళలు ఎన్నాళ్ళుగానో వాడేవారు వాటిని ఎంతమాత్రం ఆపొద్దు, మాకు చెప్పండి.

ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ వంటి బీపీ బిళ్ళలు ఒకరోజు ముందు ఆపిస్తాం, మత్తులో బీపీ బాగా పడిపోతుంది కనుక. ఒంటేలు ఎక్కువ పోయించే బిళ్ళ ఆ పొద్దున్న వద్దు.

షుగరు ఉన్నవారు ఈ భాగం రెండుసార్లు చదవండి. తిండి లేనప్పుడు షుగరు బిళ్ళ వేస్తే చక్కెర పడిపోయి తెలివి తప్పవచ్చు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ ఆ పొద్దున్న వేసుకోవద్దు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే చక్కెర మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఇన్సులిన్ పూర్తిగా మానేయొద్దు, ఎంత తగ్గించాలో మీ చీటీ మీద రాసిస్తాం. బరువు తగ్గడానికో షుగరుకో వారానికి ఒక సూది వేయించుకుంటున్నారా? దానితో తిన్నది కడుపులోనే నిలవ ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పాలి.

రక్తం పలచబరిచే మందుల్ని మీ అంతట మీరు ఆపొద్దు, మీ అంతట మీరు కొనసాగించొద్దు కూడా. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ మామూలుగా అయిదు రోజుల ముందు ఆపుతారు. కానీ గుండెలో స్టెంటు ఉంటే ఆపడమే ప్రమాదం కావచ్చు. స్టెంటు ఎప్పుడు వేశారో ఆ కాగితం పట్టుకుని రండి, గుండె డాక్టరుతో మేమే మాట్లాడతాం. మోకాళ్ళ నొప్పులకి దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ వాడుతుంటే ఆ మాటా చెప్పండి.

నాటు మందులు, పసర్లు, పొడులు, లేహ్యాలు రెండు వారాల ముందు ఆపేయండి. ఎవరిచ్చారని మేం అడగం, ఏమిటన్నదే కావాలి.

మీరు చెప్పకపోతే మాకు తెలియనివి

సికిల్ సెల్ జబ్బు ఈ వైపు ఊళ్ళలో ఉన్నదే. మీకుగానీ తోబుట్టువులకుగానీ ఉంటే చెప్పండి. అలాంటివారిని చలికి, దాహానికి వదలకూడదు. నీళ్ళు ఆపిన దగ్గర్నుంచే సెలైన్ పెడతాం, దుప్పటి తీయం.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయ్యాక "లేవడానికి చాలాసేపు పట్టింది, మిషను మీద పెట్టారు" అన్న కథ ఉందా? కండరాలు వదులు చేసే ఒక మందుని కరిగించే పదార్థం కొందరి రక్తంలో పుట్టుకతోనే తక్కువ. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది మిగతావారికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ముందే తెలిస్తే ఆ మందు వాడం, వేరేది ఉంది. ఎవరికైనా మత్తులో జ్వరం విపరీతంగా పెరిగిందని విన్నా చెప్పండి.

జలుబు, దగ్గు, జ్వరం ఉంటే వచ్చి చూపించుకోండి, అవసరమైతే వాయిదా వేస్తాం. కదిలే పళ్ళ గురించి చెప్పండి, కట్టుడు పళ్ళు తీసి తోడువారికివ్వండి. ముక్కుపుడక, మట్టెలు, గాజులు తీయాలి. కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడేటప్పుడు లోహం ఉంటే కాలే ప్రమాదం. తాళి తీయడానికి మనసొప్పకపోతే పసుపుకొమ్ము దారానికి కట్టుకుని రండి, మాకు అభ్యంతరం లేదు. వేళ్ళ చివర గోరింటాకు, గోళ్ళ రంగు ఉంటే ఆక్సిజన్ చూసే క్లిప్పు సరిగా చదవదు. కనీసం రెండు వేళ్ళు ఖాళీగా ఉంచండి.

మెలకువ వచ్చేటప్పుడు

ముందుగా చెవులు పనిచేస్తాయి. కళ్ళు తెరవకముందే మాటలు వినిపిస్తాయి. ఆ మాటలు ఒడియాలో ఉంటే కంగారు పడొద్దు. "ఆఖి ఖొలంతు" అంటే కళ్ళు తెరవండి, "పాటి ఖొలంతు" అంటే నోరు తెరవండి, "జోర్‌రే నిశ్వాస నియంతు" అంటే గట్టిగా ఊపిరి పీల్చండి. ఈ మూడూ ఇప్పుడే ఒకసారి పైకి అనుకోండి.

ఎంతసేపైందో తెలియదు, "ఇంకా మొదలుపెట్టలేదా" అని అడుగుతారు. కళ్ళకి రాసిన మందు వల్ల చూపు మసకగా ఉంటుంది, నలిపితే గీరుకుంటుంది, చేతులు పెట్టొద్దు. ముక్కూ నోటి మీద ఆక్సిజన్ ముసుగు ఉంటుంది. ఊపిరి కోసం గొట్టం పెట్టి తీసినందుకు గొంతు బొంగురు పోతుంది, గరగరలాడుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. చలికి పళ్ళు టకటకలాడేంత వణుకు రావచ్చు. చూసేవారికి భయం గానీ దుప్పట్లు, వేడిగాలితో ఆగిపోతుంది. వికారం, వాంతి కొందరికి వస్తాయి. బస్సు పడనివారు ముందే చెప్తే దానికి మందు ముందే ఇస్తాం. నొప్పి ఉంటే ఓర్చుకోవద్దు, చెప్పండి. ఓర్చుకున్నవారు గట్టిగా ఊపిరి తీయరు, కఫం కట్టేస్తుంది.

పెద్దవయసువారు ఆ రాత్రి ఎక్కడున్నామో తెలియక మాట్లాడవచ్చు, సెలైన్ గొట్టం లాగేయవచ్చు. పిచ్చి కాదు, ఎక్కువమందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్ళద్దాలు, చెవి మిషను వెంటనే పెట్టండి, తెలిసిన గొంతు ఒకటి పక్కన ఉండనివ్వండి. చిన్నపిల్లలు లేవగానే ఏడ్చి గింజుకుంటారు, అమ్మని అప్పుడే పిలుస్తాం.

"మధ్యలో మెలకువ వస్తే?" అని చాలామంది గుండెల్లో గుబులుగా అడుగుతారు. బ్రిటన్, ఐర్లండ్ ఆసుపత్రుల్లో జరిపి 2014లో వెలువరించిన పెద్ద పరిశీలనలో అలా చెప్పినవారు సుమారు 19,000 మత్తులకి ఒకరు. ఒకవేళ మీకేదైనా గుర్తుంటే మొదటిరోజే చెప్పండి, కొట్టిపారేయం.

ఇంటికి వెళ్ళాక

అదే రోజు పంపితే తోడుగా పెద్దవారు ఒకరు ఉండి తీరాలి, ఒంటరిగా బస్సెక్కనివ్వం. 24 గంటలపాటు బండి నడపొద్దు, పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండొద్దు, మద్యం వద్దు, పొలం కాగితాల మీదగానీ బ్యాంకు కాగితాల మీదగానీ సంతకం చేయొద్దు. తెలివిగానే ఉన్నట్టుంటుంది, మర్నాటికి ఏం చెప్పారో గుర్తుండదు.

ఊపిరి ఆడకపోవడం, ఆగని వాంతులు, పిలిస్తే పలకనంత మగత, 8 గంటలైనా ఒంటేలు రాకపోవడం, పిక్క వాచి నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకురండి, లేదా 108కి ఫోన్ చేయండి. ఈ కాగితం వెంట తెండి.