నీ ఎస్సే మూడో పేజీ గురించి

హారికా,

నీ ఎస్సే మొత్తం చదివా, మూడో పేజీ అయితే మళ్ళీ మళ్ళీ చదివా. మార్జిన్‌లో ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు రాద్దామని మొదలుపెడితే అది అక్కడ పట్టే సంగతి కాదని అర్థమైంది, ఎలాగూ క్లాస్ అయ్యాక కారిడార్లో మనం వాదించుకునేది తెలుగులోనే కాబట్టి ఇదీ అలాగే రాస్తున్నా. మార్కులు ఇంకా వెయ్యలేదు, ఎందుకో కింద చెప్తా.

మొదటి రెండు పేజీలు నిజంగా బాగున్నాయి. మారని ఆత్మ అంటూ ఏదీ లేదనే అనాత్మవాదం గురించి రాసేవాళ్ళలో చాలామంది బౌద్ధుల చేత ఒక తేలికపాటి మాట అనిపించి ఆ మాటనే కొట్టేస్తారు, నువ్వు అలా చెయ్యలేదు. మిళిందుడనే రాజుకీ నాగసేనుడనే బౌద్ధ భిక్షువుకీ మధ్య సంభాషణగా సాగే మిళింద పన్హలో మామిడిపళ్ళ దొంగ సంగతి, అదే, యజమాని నాటిన పళ్ళు వేరు నేను కోసినవి వేరు కాబట్టి నాకు శిక్ష వెయ్యకూడదని వాడు వాదిస్తే రాజు ఒప్పుకుంటాడా అని నాగసేనుడు అడిగేది, దాన్ని సరిగ్గా అవసరమైన చోట పెట్టావ్. మారని వస్తువు లేకపోయినా బాధ్యత ఉండొచ్చు అన్నది వాళ్ళ పాయింట్ అని నీకు తెలుసు. అందుకే మూడో పేజీకి వచ్చేసరికి నాకు బాధేసింది, ఎందుకంటే ఇంత తెలిసినదానివి అక్కడ ఆ ప్రత్యర్థినే మర్చిపోయావ్.

నీ వాదన ఇదీ, నీ వాక్యాల్నే తెలుగులో పెడుతున్నా. ఆరేళ్ళప్పుడు హిందూపురంలో అమ్మమ్మ వాళ్ళింట్లో మేడమెట్ల మీంచి పడ్డం నాకు గుర్తుంది. ఎవరి అనుభవం వాళ్ళకే గుర్తుంటుంది, ఒకరిది ఇంకొకరికి గుర్తుండదు. కాబట్టి అప్పుడు పడ్డదీ ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నదీ ఒకరే. కాబట్టి అప్పట్నించి ఇప్పటిదాకా మారకుండా ఉన్న ఆత్మ ఒకటుంది. దాని కిందే, దీంతో బౌద్ధ వాదం ఖండితమైంది అని రాశావ్.

ఇందులో లాజిక్ తప్పు లేదు. ముందు మాటలు ఒప్పుకుంటే చివరి మాట ఒప్పుకోక తప్పదు, దాన్ని వ్యాలిడ్ అనే అంటాం, సెమినార్‌లో నువ్వు అదే పట్టుకుని గట్టిగా నిలబడ్డావ్, ఆ మేరకు నువ్వు కరెక్టే. నేనంటున్న లోపం వేరే చోటుంది. ఈ పేరా తీసుకెళ్ళి బౌద్ధ తత్వవేత్త వసుబంధు ముందు పెట్టావనుకో, ఆయన ఎక్కడ ఆపుతాడు? జ్ఞాపకం ఉందని ఆయనా ఒప్పుకుంటాడు. ఆపేది రెండో వాక్యం దగ్గర. "ఎవరి అనుభవం వాళ్ళకే" అన్నావే, ఆ "వాళ్ళు" ఎవరమ్మా అని అడుగుతాడు.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చూడు, అసలు విషయమంతా ఇక్కడే ఉంది. "వాళ్ళు" అంటే అప్పుడూ ఇప్పుడూ మారకుండా ఉన్న ఒక ఆత్మ అని నీ ఉద్దేశం అయితే, రెండో వాక్యం చెప్తున్నది ఏంటి? అనుభవించిన ఆత్మా గుర్తు చేసుకునే ఆత్మా ఒకటే అయితేనే జ్ఞాపకం సాధ్యం అని. అంటే ఆత్మ ఉందన్నది అప్పటికే అందులో ఉంది. నువ్వు చివర్లో తేల్చాల్సింది రెండో వాక్యంలోనే పెట్టేసుకుని, మళ్ళీ చివర్లో దాన్నే బయటికి తీశావ్. అలా కాదు, "వాళ్ళు" అంటే మామూలుగా మనం అనుకునే మనిషి, అంటే ఒకదాన్నించి ఒకటి పుడుతూ సాగే క్షణాల వరస, బౌద్ధుల మాటలో ఒక సంతానం, అన్నావనుకో, అప్పుడు రెండో వాక్యం వసుబంధుకి హాయిగా సరిపోతుంది, కానీ దాన్నించి నీ ఆఖరి మాట రాదు. ఒకే వరసలో ముందు క్షణం పడింది, వెనక క్షణం గుర్తు చేసుకుంటోంది, అంతే కదా అంటాడు. మొదటి అర్థంలో వాక్యం ఆయన ఒప్పుకోడు, రెండో అర్థంలో ఒప్పుకుంటాడు గానీ నీకు పనికిరాదు. ఆ పేరా చదువుతున్నప్పుడు ఒప్పించినట్టు అనిపించేది ఎందుకంటే, ఒప్పుకునేటప్పుడు రెండో అర్థం మనసులో ఉంటుంది, ముగింపుకి వచ్చేసరికి మొదటి అర్థం వచ్చి కూర్చుంటుంది.

ఇది నేను కల్పించి ఆయన నోట్లో పెట్టిన మాట కూడా కాదు. తన అభిధర్మకోశ భాష్యం తొమ్మిదో అధ్యాయంలో వసుబంధు ఈ ప్రశ్నే తీసుకుంటాడు. దేవదత్తుడు చూసింది యజ్ఞదత్తుడికి ఎందుకు గుర్తుండదు? వాళ్ళిద్దరి చిత్తాల మధ్య కార్యకారణ సంబంధం లేదు కాబట్టి, ఒకే వరసలోని చిత్తాల మధ్య ఉంది కాబట్టి, అంటాడు. ఆ సమాధానం సరైందా కాదా అన్నది తర్వాత. అది ఉంది కదా. నీ రెండో వాక్యానికి ఆయన దగ్గర ఆత్మతో పని లేని వివరణ ఒకటి రెడీగా ఉంటే, ఆ వాక్యాన్ని ఆయన మీద అలా ఊరికే వాడలేవు.

ఆత్మని ఒప్పుకునే మన న్యాయదర్శనం వాళ్ళకి, అదే నైయాయికులకి, ఈ లోపం బాగా తెలుసు. న్యాయసూత్రం 1.2.8లో సాధ్యసమం అని హేత్వాభాసల్లో, అంటే చూడ్డానికి హేతువులా ఉండి నిజానికి కానివాటిలో, ఒకటిగా చెప్తారు, హేతువు కూడా నిరూపించాల్సిన సాధ్యంలాగే ఇంకా సాధించాల్సిన స్థితిలో ఉండటం. ఆ సూత్రాలకి భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇచ్చే ఉదాహరణ నాకు చాలా ఇష్టం: నీడ ఒక ద్రవ్యం, ఎందుకంటే అది కదుల్తుంది. ఆయన అడిగేది, నీడ నిజంగా మనిషిలా నడుస్తోందా, లేక అడ్డుగా ఉన్న వస్తువు జరుగుతుంటే వెలుతురు లేని చోటు కూడా వరసగా జరుగుతూ పోతోందా? అది తేలకుండా కదలికని హేతువుగా ఎలా పెడతావ్? నీ పేరా పక్కన పెట్టి చదువు దీన్ని. చూసేవాడికి నీడ కదిలినట్టే ఉంటుంది, అందుకే హేతువు బలంగా అనిపిస్తుంది, నీ "నాకు గుర్తుంది" కూడా అంతే బలంగా అనిపిస్తుంది.

సెమినార్‌లో నువ్వొక మాటన్నావ్, వ్యాలిడ్ ఆర్గ్యుమెంట్ ఏదైనా ముగింపు ప్రెమిసుల్లోనే ఉంటుంది కదా మేడమ్, అలా అయితే అన్నీ తేల్చాల్సినదాన్నే ముందు ఒప్పేసుకోవడం, అదే బెగ్గింగ్ ద క్వశ్చనే కదా అని. మంచి ప్రశ్న, ఆరోజు టైమ్ లేక దాటేశాం. తేడా ఎక్కడంటే, ముగింపుని అనుమానించేవాడికి ప్రెమిస్‌ని నమ్మడానికి విడిగా ఏదైనా దారి ఉందా లేదా అన్న దగ్గర. 51 ప్రైమ్ నంబర్ కాదు, ఎందుకంటే అంకెలు కూడితే 6, అది మూడుతో పోతుంది కాబట్టి 51 కూడా మూడుతో పోతుంది, అన్నామనుకో. 51 ప్రైమా కాదా తెలియనివాడు కూడా ఐదూ ఒకటీ కూడి చూసుకోగలడు, అంకెల రూల్ ఎందుకు పనిచేస్తుందో విడిగా నేర్చుకోగలడు. నీ రెండో వాక్యానికి అలాంటి విడి దారి లేదు, దాన్ని నీ అర్థంలో నమ్మాలంటే ముందు ఆత్మని నమ్మాలి. కాబట్టి ఇది వాక్యాల ఆకారంలో ఉండే లోపం కాదు, ఎవరితో వాదిస్తున్నాం, వాళ్ళు దేన్ని అనుమానిస్తున్నారు అన్నదాంట్లో ఉండే లోపం. అదే పేరా ఆత్మని ముందే ఒప్పుకున్నవాళ్ళకి రాస్తే ఎవరూ ఏమీ అనరు. నువ్వు రాసింది బౌద్ధుడికి.

మొదటి వాక్యం దగ్గర కూడా చిన్న చిక్కుంది, తక్కువలో చెప్తా. ఫుట్‌నోట్‌లో నువ్వే రాశావ్, ఆ మెట్ల సంగతి అమ్మ చాలాసార్లు చెప్తుంటుందని. మరి నీకు గుర్తుందా, లేక విని విని గుర్తున్నట్టు అనిపిస్తోందా? నిజంగా గుర్తుంది అనడానికి ఆధారం ఏంటి అంటే, అది నాకే జరిగింది కాబట్టి అంటావ్. అంటే జ్ఞాపకంతో "నేను"ని నిరూపించబోయి, అది జ్ఞాపకమే అని చెప్పడానికి మళ్ళీ "నేను"నే తెచ్చుకున్నావ్. మనిషి అప్పుడూ ఇప్పుడూ ఒకరే అనేది జ్ఞాపకాన్ని బట్టే అంటూ జాన్ లాక్ 1694లో తన పుస్తకం రెండో ఎడిషన్‌కి కలిపిన అధ్యాయం మీద జోసెఫ్ బట్లర్ 1736లో వేసిన దెబ్బ దగ్గర దగ్గర ఇదే. దానికి సమాధానంగా సిడ్నీ షూమేకర్ 1970లో ఎవరి అనుభవం అన్న షరతు తీసేసి జ్ఞాపకాన్ని వేరేగా నిర్వచించి చూపించాడు, అలా నిర్వచించడం కుదిరితే లాక్‌కి ఊపిరి వస్తుంది గానీ నీకు ఇంకా కష్టం అవుతుంది, ఎందుకంటే ఆత్మ ఊసు లేకుండా జ్ఞాపకం గురించి మాట్లాడొచ్చని తేలినట్టే కదా. నీ రీడింగ్ లిస్ట్‌లో బట్లర్ ఉన్నాడు, ఎస్సేలో మాత్రం లేడు.

ఇప్పుడు ఏం చెయ్యాలి. టాపిక్ మార్చకు, ముగింపు కూడా మార్చక్కర్లేదు. నీ వాదన అసలు వాత్స్యాయనుడిదే, 1.1.10 భాష్యంలో ఉంది, కాకపోతే నేను అక్కడ చదివేది వేరేలా. పూర్వం సుఖం ఇచ్చిన వస్తువుని మళ్ళీ చూడగానే కావాలనిపిస్తుంది, అనేక జ్ఞానాల్ని కలిపి చూసేవాడు ఒకడు లేకపోతే ఇది ఎలా కుదురుతుంది, ఒక శరీరంలో చూసింది ఇంకో శరీరంలో గుర్తు రానట్టే ఇక్కడా గుర్తు రాకూడదు కదా అని ఆయన అడుగుతాడు. ఇది ప్రత్యర్థి మీద పెట్టిన బరువు: నీ క్షణాల లెక్కతో దీన్ని వివరించి చూపించు అని. అలా పెడితే నువ్వు ముందే ఏదీ ఒప్పేసుకోనక్కర్లేదు, రెండు వివరణల్లో ఏది మెరుగో పోల్చాలి.

పోల్చేటప్పుడు నీకు పనికొచ్చే గట్టి ప్రశ్న ఒకటుంది. కార్యకారణ సంబంధం ఉంటే చాలు జ్ఞాపకం వస్తుందంటే, గురువు జ్ఞానం శిష్యుడి జ్ఞానానికి కారణమే కదా, మరి గురువు అనుభవం శిష్యుడికి ఎందుకు గుర్తుండదు? వసుబంధు పేరు నువ్వు మొదట విన్నది నా క్లాస్‌లోనే అనుకుంటా, ఆయన్ని నేను మొదటిసారి చదివిన అనుభవం మాత్రం నీకు రాదు. బౌద్ధుడు అప్పుడు కారణాల్లో తేడా చూపించాలి, ఒకే వరసలో వెంటనే ముందున్న చిత్తం కారణం అవ్వడం వేరు, మాట ద్వారా బయటినుంచి కారణం అవ్వడం వేరు అని. నువ్వు వెంటనే అడుగు, మరి "ఒకే వరస" అని దేన్ని బట్టి చెప్తున్నావ్ అని. జ్ఞాపకం ఉంది కాబట్టి ఒకే వరస అంటే ఈసారి చక్రంలో తిరుగుతున్నది ఆయనే. అలా కాక వేరే గుర్తు ఏదైనా చూపిస్తే దాన్ని న్యాయంగా పరీక్షించు, తీసిపారెయ్యకు. ఇందులో నువ్వు గెలుస్తావో లేదో నాకు చెప్పాలని లేదు, ఈ ప్రశ్నని చివరిదాకా లాక్కెళ్ళే సత్తా మాత్రం నీకుందని మొదటి రెండు పేజీలు చూశాక నాకు గట్టి నమ్మకం.

ఇంకో రెండు సంగతులు. "ఖండితమైంది" అన్న మాట తీసెయ్, ఐదు పేజీల్లో ఎవరూ ఎవర్నీ ఖండించలేరు. నాలుగో పేజీలో ఉపనిషత్తుల పేరా ఈ ఎస్సేకి అక్కర్లేదు, శ్రుతిని ప్రమాణంగా ఒప్పుకోని బౌద్ధుడి ముందు దాన్ని పెట్టడం కూడా ఈ కోవలోకే వస్తుంది, ఆ చోటు గురుశిష్యుల ప్రశ్నకి వాడుకో. వాత్స్యాయన భాష్యానికి గంగానాథ్ ఝా ఇంగ్లీష్ అనువాదం డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో ఉంది, 3.1.1 దగ్గర చూపూ స్పర్శా కలిపి చేసే వాదన కూడా చదువు, నీ జ్ఞాపకం వాదన కంటే అదే నీకు ఎక్కువ ఉపయోగపడొచ్చు.

ఈ ఒక్క పేరా కోసం మొత్తం ఎస్సేకి తక్కువ మార్కులు వెయ్యడం నాకు ఇష్టం లేక ఆపి ఉంచా, ఇంటర్నల్స్ ఎంట్రీకి వచ్చే నెలాఖరు దాకా టైముంది. మూడూ నాలుగూ పేజీలు తిరగరాసి పంపు, మిగతావి ముట్టుకోకు. ఈ మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక రూమ్‌లోనే ఉంటా, వర్షం లేకపోతే కిందికెళ్ళి కాఫీ తాగుతూ మాట్లాడుకుందాం, వచ్చేటప్పుడు "ఒకే వరస" అంటే బౌద్ధుడు ఏం చెప్తాడో ఆయన వైపు నుంచి అరపేజీ రాసి తీసుకురా.

మీ మేడమ్,
రాజ్యలక్ష్మి
బెంగళూరు