మెయింటెనెన్స్ ఇంజినీరు ఉద్యోగం: వీసా, తరలింపు ఖర్చుల గురించి

నమస్కారం శ్రీవల్లి గారూ,

మంగళవారం రెండో రౌండు ఇంటర్వ్యూ చేసినందుకు మీకూ, ప్లాంట్ మేనేజరు గారికీ కృతజ్ఞతలు. కంప్రెసర్ బేరింగు ప్రశ్నకు సగం జవాబే చెప్పాను. వైబ్రేషన్ రీడింగుతో పాటు ఆయిల్ శాంపిల్ కూడా చూడాలన్నది కాల్ అయిపోయాక తట్టింది. వీలుంటే ఆ మాట ఆయన చెవిన వేయండి.

మీది టెక్కలి అని తెలిశాక తెలుగులో రాసే చనువు తీసుకున్నాను. ఈ సంగతులు ఇంగ్లీషులో అడిగితే బేరమాడుతున్నట్టు ఉంటుందేమోనని కూడా.

మీరు చెప్పిన ఏడాదికి 52,000 యూరోలు, 2025లో జర్మనీ బ్లూ కార్డుకు కావలసిన 48,300కి పైనే ఉన్నాయి, కాబట్టి జీతం దగ్గర అడ్డు లేదు. తెలియాల్సిందల్లా వీసా పని ఎవరు మొదలుపెడతారన్నదే. ఫాస్ట్ ట్రాక్ పద్ధతిలో అక్కడి విదేశీయుల కార్యాలయానికి నా తరఫున కంపెనీయే దరఖాస్తు చేయాలి, ఫీజు 411 యూరోలు. ముందస్తు అనుమతి వస్తే కాన్సులేటు మూడు వారాల్లోపు అపాయింట్‌మెంట్ ఇస్తుంది. మీరు ఈ దారిలో వెళ్తారా, లేక మామూలుగా నన్నే దరఖాస్తు చేసుకోమంటారా? రాయగడలో నేను చేస్తున్న ఉద్యోగానికి 90 రోజుల నోటీసు ఉంది. ఆ అనుమతి కాగితం చేతికి రాకుండా రాజీనామా ఇవ్వలేను. మీరు చెప్పిన చేరే తేదీ దీని మీదే ఆధారపడి ఉంది.

ఒక చిన్న సవరణ. మీరు పంపిన జాబితాలో కాన్సులేటు చెన్నై అని ఉంది. మేముండేది పర్లాకిమిడిలో, అంటే ఒడిశా, కాబట్టి మాకు కోల్‌కతా. మహేంద్రతనయ దాటి పాతపట్నంలో కాపురం పెట్టి ఉంటే మీ జాబితాయే సరిపోయేది!

తరలింపు విషయానికొస్తే, విమానం టికెట్లు నేనే కొనుక్కోగలను. ఇబ్బందల్లా ఇంటి దగ్గరే. అడ్వాన్సు మూడు నెలల అద్దె దాకా అడగవచ్చట, పైగా చిరునామా నమోదు కాకుండా మిగతా పనులేవీ కదలవు. మొదటి నెల రోజులకు నమోదు చేసుకోగల గది ఏదైనా కంపెనీ చూపించగలదా? అడ్వాన్సు మీరు కట్టి జీతంలో విడతలుగా పట్టుకున్నా నాకు సమ్మతమే.

నా భార్య, నాలుగేళ్ల పాప కూడా వస్తారు. బ్లూ కార్డు వాళ్ల భార్యకు జర్మన్ సర్టిఫికెట్ అక్కర్లేదు కాబట్టి, వాళ్లిద్దరినీ నా ఫాస్ట్ ట్రాక్ దరఖాస్తులోనే కలిపితే పని ఒకేసారి తెమిలిపోతుంది.

వీటిలో కంపెనీ పద్ధతికి కుదరనివి ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, నా ఏర్పాట్లు నేను చూసుకుంటాను. ఫోనులో మాట్లాడడం తేలికనుకుంటే మీ మధ్యాహ్నం రెండు దాటాక ఎప్పుడైనా చేయండి, అప్పటికి మా షిఫ్టు దిగుతుంది.

ఇట్లు,
పొట్నూరు రమేష్
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా