సెలూన్ రిమైండర్ మెసేజ్‌లు: సిస్టమ్‌లో పెట్టాల్సిన వరుస

కౌంటర్ చూసుకునేవాళ్లకి: కింద ఉన్నవన్నీ స్వాతి గారి బుకింగ్ మీద రాశాను. శనివారం ఉదయం 11 గంటలకి హెయిర్ కలర్, కట్. పేరు, రోజు, టైం సిస్టమే మార్చుకుంటుంది, మిగతా మాటలు ఉన్నవి ఉన్నట్టు వెళ్లనివ్వండి. రాత్రి 8 దాటాక, ఉదయం 9 లోపు ఏ మెసేజూ వెళ్లకూడదు. బుక్ చేసేటప్పుడే "వాట్సాప్‌లో గుర్తు చేయమంటారా?" అని అడగండి. వద్దన్నవాళ్లకి ఫోన్ చేద్దాం.

బుక్ అయిన వెంటనే

"నమస్తే స్వాతి గారూ! శనివారం ఉదయం 11 గంటలకి మీ హెయిర్ కలర్, కట్ బుక్ అయ్యాయి. మొత్తం రెండున్నర గంటల దాకా పట్టొచ్చు, తర్వాతి పనులు దాన్ని బట్టి పెట్టుకోండి. కలర్‌కి ముందు చిన్న ప్యాచ్ టెస్ట్ ఉంటుంది, గురువారం ఉదయం 11 లోపు ఒకసారి వచ్చి వెళ్లండి, ఐదు నిమిషాల పని. శనివారం కుదరదనిపిస్తే శుక్రవారం ఉదయం 11 లోపు చెప్పండి చాలు, ఆ టైం ఇంకొకరికి ఇస్తాం."

ఎంతసేపు పడుతుందో చెప్పే వాక్యం తీసేయొద్దు. గంటలో అయిపోతుందనుకుని బుక్ చేసుకున్నవాళ్లే ఆ రోజు పొద్దున "అయ్యో, పన్నెండింటికి వేరే పనుంది" అంటారు.

బుధవారం సాయంత్రం 6కి (కలర్ ఉన్నవాళ్లకి మాత్రమే)

"స్వాతి గారూ, రేపు ఉదయం 11 లోపు ప్యాచ్ టెస్ట్‌కి వస్తారు కదా? చెవి వెనక కొంచెం కలర్ రాసి 48 గంటలు చూస్తాం. దురదా మంటా లేకపోతే శనివారం నిశ్చింతగా వేసుకోవచ్చు. రేపు వీలవకపోతే ఇప్పుడే చెప్పండి, కలర్ ఇంకో రోజుకి మార్చి, శనివారం కట్ మాత్రం చేసేద్దాం."

గురువారం సాయంత్రం 6కి

అన్నిటికన్నా ముఖ్యమైన మెసేజ్ ఇదే.

"నమస్తే స్వాతి గారూ! ఎల్లుండి శనివారం ఉదయం 11కి మీకోసం టైం ఉంచాం. వస్తుంటే 1, టైం మార్చాలంటే 2, ఈసారికి వద్దనుకుంటే 3 పంపండి. ఏది పంపినా పర్లేదు, రేపు ఉదయం 11 లోపు తెలిస్తే మాకు చాలా సాయం."

1 పంపితే: "థాంక్యూ స్వాతి గారూ, శనివారం 11కి కలుద్దాం."

2 పంపితే: "సరే స్వాతి గారూ. శనివారం సాయంత్రం 4, ఆదివారం ఉదయం 10, మంగళవారం మధ్యాహ్నం 2 ఖాళీగా ఉన్నాయి. ఏది వీలవుతుందో రాయండి, పాత టైం మేమే తీసేస్తాం."

3 పంపితే: "సరేనండీ, క్యాన్సిల్ చేశాం. ముందే చెప్పినందుకు థాంక్స్. మళ్లీ రావాలనుకున్నప్పుడు ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి."

3కి జవాబులో "ఎందుకు?" అని అడగొద్దు, "దయచేసి ఇలా చేయకండి" అని అంతకన్నా వద్దు. వద్దని చెప్పడం తేలికగా ఉంటేనే గురువారమే చెప్తారు. మొహమాటపెడితే ఫోన్ ఎత్తకుండా శనివారం దాకా లాగుతారు. "మీరు రాకపోతే మాకు నష్టం" లాంటి మాట ఏ మెసేజ్‌లోనూ పెట్టలేదు, మీరూ కలపొద్దు.

ఇంకో సంగతి. కస్టమర్ మనకి ఆఖరిసారి రాసి 24 గంటలు దాటితే వాట్సాప్‌లో ముందే ఆమోదం పొందిన టెంప్లేటే వెళ్తుంది. అందులో ఆఫర్లు ఇరికిస్తే దాన్ని ప్రకటన కింద లెక్కేస్తారు. ఫేషియల్ ఆఫర్ గొప్పదే కావచ్చు, దానికి చోటు ఇది కాదు.

శుక్రవారం ఉదయం 9:30కి, ఇంకా జవాబు రానివాళ్లకి ఎస్సెమ్మెస్

"స్వాతి గారూ, రేపు ఉ.11కి హెయిర్ కలర్. వస్తే 1, మార్చాలంటే 2 పంపండి"

ఇది పొట్టిగా ఉండటానికి కారణం ఉంది. తెలుగు ఎస్సెమ్మెస్ 70 అక్షరాలు దాటితే రెండు మెసేజ్‌ల లెక్క. గుణింతాలూ ఒత్తులూ కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పేరు పొడుగ్గా ఉంటే "హెయిర్" తీసేయండి. దీనికీ జవాబు లేకపోతే సిస్టమ్ ఏమీ చేయదు, 11 తర్వాత మీరే ఒక ఫోన్ చేయండి. జవాబు రాలేదని క్యాన్సిల్ చేసేస్తే, చూసుకోకుండా నేరుగా వచ్చేసిన మనిషి ముందు మనం తలదించుకోవాలి.

శనివారం ఉదయం 9కి

"గుడ్ మార్నింగ్ స్వాతి గారూ! ఈరోజు 11కి మీ అపాయింట్‌మెంట్. పది నిమిషాలు ముందొస్తే షేడ్ తీరిగ్గా చూసుకోవచ్చు. జుట్టుకి నూనె పెట్టుకోకుండా, మరకపడినా పర్లేదనిపించే ముదురు రంగు బట్టల్లో రండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఎన్ని నిమిషాలో ఒక అంకె పంపండి, మేం సర్దుకుంటాం."

ఎప్పుడూ లేటుగా వచ్చేవాళ్లకి 10:30 అని చెప్పి 11కి కూర్చోబెడదామని ఒక ఆలోచన వచ్చింది. వద్దు. ఒక్కసారి దొరికిపోయామంటే తర్వాత మనం చెప్పే ఏ టైమూ నమ్మరు.

11:07కి, ఇంకా రాకపోతే

"స్వాతి గారూ, దారిలో ఉన్నారా? 11:15 లోపు వచ్చేస్తే అనుకున్నట్టే రెండూ చేసేద్దాం. అది దాటితే ఈరోజుకి కట్ చేసి, కలర్‌కి ఇంకో రోజు చూద్దాం, తర్వాత వచ్చేవాళ్లు ఆగాల్సి రాకుండా. తొందరపడి బండి నడపకండి."

ఆఖరి వాక్యం మర్యాదకి పెట్టింది కాదు. మన మెసేజ్ చూసి ఎవరూ స్పీడ్ పెంచకూడదు.

అదే రోజు క్యాన్సిల్ చేస్తే

"అర్థమైంది స్వాతి గారూ, పర్లేదు. ఈరోజు టైం తీసేశాం. వచ్చేవారం గురువారం ఉదయం 11, శనివారం మధ్యాహ్నం 3 ఉన్నాయి, వీటిలో ఒకటి ఉంచమంటారా?"

వెయిటింగ్‌లో ఉన్నవాళ్లకి, అదే నిమిషంలో

"నమస్తే లావణ్య గారూ! మీరు అడిగిన శనివారం టైం ఇప్పుడే ఖాళీ అయింది: ఈరోజు ఉదయం 11, కట్‌కి. కావాలంటే అరగంటలో 1 పంపండి. ముందు జవాబిచ్చినవాళ్లకి ఇస్తాం. కుదరకపోయినా మీ పేరు లిస్టులోనే ఉంటుంది."

లిస్టులో ముగ్గురికి మించి ఒకేసారి పంపొద్దు. ఆ టైంకి కలర్ ఇస్తామని రాయొద్దు, ప్యాచ్ టెస్ట్ అయినవాళ్లైతే తప్ప.

చెప్పకుండా రాకపోతే, ఆ సాయంత్రం 5కి

"స్వాతి గారూ, ఈరోజు మీకోసం చూశాం. అంతా బాగానే ఉందా? వీలున్నప్పుడు చెప్పండి, ఇంకో టైం చూద్దాం."

రెండోసారి కూడా అలాగే జరిగితే

"స్వాతి గారూ, ఈసారీ కలవలేకపోయాం. ఇకమీద మీ బుకింగ్ ముందు రోజు ఫోన్‌లో ఖాయం చేసుకున్నాకే టైం ఉంచుతాం. మీకు ఏ వేళ ఫోన్ చేస్తే బాగుంటుందో చెప్పండి."

ఇది సిస్టమ్ పంపదు. పంపేముందు నన్ను అడగండి, ఇంట్లో ఏ ఇబ్బంది ఉందో మనకి తెలియదు.

మన వల్ల ఆలస్యమైతే

"స్వాతి గారూ, సారీ. ముందు పని అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పడుతోంది. మీరు 11 బదులు 11:20కి వస్తే ఇక్కడ ఎదురుచూడక్కర్లేదు. ఆ టైం వీలు కాకపోతే చెప్పండి, మీకు నచ్చిన రోజుకి మారుస్తాం."

పది నిమిషాలు దాటి లేటవుతుందనిపించగానే ఇది వెళ్లాలి, కస్టమర్ ఇంట్లోంచి బయల్దేరకముందే.